పాయింట్ల బుల్లెట్ అయింది, ఇప్పుడు బావ సీడీఐ బండి: వేడెక్కితే స్పార్క్ ఎటు పోతోంది?

బుల్లెట్ టైమింగ్ పని అయిపోయింది. ముందు పాయింట్ల గ్యాప్ 0.38 మి.మీ. పెట్టాకే టైమింగ్ ముట్టుకున్నా, ఎందుకంటే గ్యాప్ కదిలితే టైమింగ్ కూడా కదులుతుంది. కామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి స్పార్క్ ఆలస్యమవుతుంది, బండి బరువెక్కినట్టు లాగుతుంది. మా 12 వోల్టుల బండికి పిస్టన్ కంప్రెషన్‌లో పైకొసకి ఇంకా 0.8 మి.మీ. ఉండగా పాయింట్లు విడిపోయి స్పార్క్ రావాలి. పాయింట్ వైరుకీ బాడీకీ మధ్య బల్బు కట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్‌ని నెమ్మదిగా తిప్పితే, విడిపోయిన క్షణాన బల్బు వెలుగుతుంది. ఇది ఐడ్లింగ్ లెక్క. స్పీడ్ పెరిగితే మంట అంటుకోడానికి టైం చాలదు కాబట్టి స్పార్క్ ఇంకా ముందే రావాలి, ఆ పని లోపలున్న రెండు బరువులు, స్ప్రింగులు చూసుకుంటాయి.

బావ బండిలో ఇవేవీ లేవు. మాగ్నెట్ మీద ఉన్న ఉబ్బు పికప్ కాయిల్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చిన్న పల్స్ పుడుతుంది, డిజిటల్ సీడీఐ అనే స్పార్క్ డబ్బా ఆ పల్సుల మధ్య టైంని బట్టి ఆర్‌పీఎం లెక్కగట్టి ఎంత ముందు స్పార్క్ ఇవ్వాలో తనలో ఉన్న పట్టిక చూసి ఇస్తుంది. పికప్ ఊరుకుంటే దానికి ఏమీ తెలియదు.

అమలాపురం నుంచి రావులపాలెం వైపు వెళ్తుంటే దారిలో ఆగిపోతుందట, కాలవ గట్టున చెట్టు కింద కాసేపు పెడితే మళ్లీ స్టార్ట్. "బావా, సీడీఐ మార్చేద్దామా?" అన్నాడు. ఆగమన్నా. మెకానిక్‌లు ముందు అనుమానించేది ఆ డబ్బానే, ఖరీదు కూడా దానిదే.

ఆగిపోయిన వెంటనే ప్లగ్ తీసి హెడ్‌కి ఆనించి కిక్ కొడితే స్పార్క్ లేదు, అంటే పెట్రోల్ గొడవ కాదు. ఇంటికి తెచ్చి చల్లారాక కప్లర్ విప్పి పికప్ కొలిస్తే 210 ఓమ్‌లు, మాన్యువల్ చెప్పిన హద్దుల్లోనే ఉంది. అక్కడే చాలామంది బాగుందని వదిలేస్తారు. మీటర్ అలాగే ఉంచి హెయిర్ డ్రయ్యర్ పట్టా. రాగి తీగ వేడెక్కితే దాని రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, కాబట్టి 60 డిగ్రీలు పెరిగితే 260 దాకా రావడం జబ్బు కాదు. ఇది 240 దాటగానే ఒక్కసారిగా OL చూపించింది, చల్లారితే మళ్లీ 210. లోపల తీగ ఎక్కడో తెగి, చల్లగా ఉన్నప్పుడు మాత్రం తగులుతోంది.

ఇగ్నిషన్ కాయిల్ పోతుంటే లక్షణం కొంచెం వేరు: ఐడ్లింగ్ బాగానే ఉండి, ఇద్దరెక్కి బ్రిడ్జి ఎక్కేటప్పుడు థ్రాటిల్ తిప్పితే తడబడుతుంది. సిలిండర్‌లో ప్రెషర్ పెరిగినప్పుడు స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, నీరసించిన కాయిల్ అది ఇవ్వలేదు. బయట గాలిలో వచ్చిన స్పార్క్ చూసి దానికి సర్టిఫికెట్ ఇవ్వకండి, ఓమ్ మీటర్ కూడా హెచ్చు వోల్టేజ్‌లో లీకయ్యేది పట్టుకోలేదు. మా వైపు తేమకి రాత్రి చీకట్లో ఇంజన్ నడిపి, కాయిల్ దగ్గర, వైరు వెంట, క్యాప్ దగ్గర నీలం చుక్కలు పాకుతున్నాయేమో దూరం నుంచే చూడండి, చేత్తో ముట్టుకోవద్దు.

పికప్ ఒక్కటే మార్చాం, రావులపాలెం వెళ్లొచ్చినా ఆగలేదు. ప్లగ్ క్యాప్ లోపల పచ్చగా చిలుము పట్టింది, అది వచ్చే ఆదివారం.