ఐదు ఓవర్లకే ఎందుకు ఆపుతున్నానంటే

మా అండర్-14 ఫాస్ట్ బౌలర్ల తల్లిదండ్రులకు ఇవాళ ఉత్తరం రాశాను. "మంచి ఊపులో ఉన్నవాణ్ణి ఐదు ఓవర్లకే ఎందుకు ఆపేస్తున్నారు సార్?" అని ఒక నాన్నగారు అడిగారు మరి. న్యాయమైన ప్రశ్నే.

బంతి వదిలేటప్పుడు నడుము ఒకేసారి వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, మెలితిరుగుతుంది. ముందుకాలు నేలను తాకిన అదురు శరీర బరువుకు ఎన్నో రెట్లు. అదంతా నడుము కింది పూసల వెనక ఉండే సన్నటి ఎముక మీద పడుతుంది. ఈ వయసులో అదింకా పూర్తిగా గట్టిపడదు. అలిసిపోయాక బంతి వేయని చెయ్యి ముందే జారిపోతుంది, మొండెం ఇంకా ఒరుగుతుంది. నేను చూసేది అదే, వికెట్లు కాదు.

కుడిచేతి బౌలర్‌కు నొప్పి ఎక్కువగా నడుము ఎడమవైపు వస్తుంది, వెనక్కి వంగితే పెరుగుతుంది. తొలిదశ పగులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. పగులని తేలితే నెలల తరబడి బౌలింగ్ బంద్.

నెట్స్‌లో, ఇంట్లో వేసే బంతులూ లెక్కేనని కూడా రాశాను. మ్యాచ్‌లో 30 వేసినవాడు సాయంత్రం ఇంకో 60 వేస్తే నా ఐదు ఓవర్లకు అర్థమేముంది?

ఆ నాన్నగారి జవాబు వెంటనే వచ్చింది: "ఆ 60 నాకే వేస్తున్నాడు సార్."