గ్లాస్గో కాల్ సెంటర్‌లో మేనేజరుకు ఒక్క పేజీ

గ్లాస్గోలో నేను పనిచేసే కాల్ సెంటరుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇళ్లలో గదులను, నీళ్లను వేడిచేసే బాయిలర్ల గురించే ఉంటాయి. బాయిలర్ ఆగిపోయిందనో, రావలసిన ఇంజనీరు రాలేదనో, ఒప్పందం గడువు ముగుస్తున్నదనో బ్రిటన్ నలుమూలల నుంచి జనం మాకు ఫోన్ చేస్తారు. అంతకుముందు కొన్నేళ్లు హైదరాబాదులోని మాదాపూర్‌లో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని ఇదే దేశపు ఫోన్లు ఎత్తాను. అక్కడ నా పనిని అంకెల్లో కొలిచేవారు. ఇక్కడ ఆ అంకెలను సిద్ధం చేసి మేనేజరు ముందు పెట్టే బాధ్యత నాకు అప్పగించారు. రెండు వైపులా కూర్చున్నందువల్ల నాకు బలంగా కలిగిన అభిప్రాయం ఒకటే: వారపు డాష్‌బోర్డులో ఒక అంకెకు చోటు దక్కాలంటే, అది మారినప్పుడు ఎవరో ఒకరు చేసే పని కూడా మారాలి.

నేను చేరేనాటికి మా మేనేజరు తెరపై ముప్పైకి పైగా చిన్న గళ్లు ఉండేవి. ప్రతి గడిలో కారు స్పీడోమీటరులా ఒక ముల్లు, దాని వెనుక ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ఉండేవి. సోమవారం సమావేశంలో ఆవిడ చూపు నేరుగా ఎరుపు గళ్ల మీదికి వెళ్లేది; ఒక్కొక్క టీం లీడరును కారణం అడిగేవారు; వారు ఏదో ఒక కారణం చెప్పేవారు, అంతటితో సమావేశం ముగిసేది. అలాంటి సమావేశాలు కొన్ని చూశాక ఆవిడతో విడిగా కూర్చుని, ఈ తెరను చూసి ఇటీవలి కాలంలో మీరు మార్పించినవి ఏమిటని అడిగాను. మేనేజరును పేరు పెట్టి పిలిచి అలా సూటిగా అడగటం మాదాపూర్‌లో నాకు అలవాటు లేని పని. ఆవిడ నొచ్చుకోలేదు, కాసేపు ఆలోచించి, ఓవర్‌టైం మంజూరు చేయటం తప్ప మరేమీ గుర్తు రావటం లేదని నిజాయితీగా చెప్పారు.

అందువల్ల అంకెలను పక్కన పెట్టి, ఒక వారం లోపల ఆవిడ చేతిలో ఉన్న నిర్ణయాలు ఏమిటో ముందుగా రాసుకున్నాం. ఎవరు ఏ గంటలో ఫోన్ల మీద ఉండాలి, ఓవర్‌టైం ఎంత ఇవ్వాలి, ఏ విషయంలో శిక్షణ పెట్టాలి, వేరే విభాగం వల్ల వస్తున్న ఫోన్ల గురించి ఆ విభాగానికి ఏమని రాయాలి — ఈ నాలుగే తేలాయి. కొత్తవారిని తీసుకోవటం, జీతాలు, ఫోనులో వినిపించే మెనూ మార్చటం వంటివి ఆవిడ ఒక్కరే తేల్చగలిగినవి కావు, వారంలో తేలేవీ కావు; వాటికి సంబంధించిన అంకెలను నెలవారీ నివేదికకు పంపించాం. మిగిలిన ప్రతి అంకె పక్కనా ఒక వాక్యం రాయటానికి ప్రయత్నించాం: ఇది ఇంత దాటితే, ఫలానా వ్యక్తి ఫలానా పని చేయాలి. ఆ వాక్యం పూర్తి చేయలేకపోయిన అంకెలను తీసివేశాం. సగటు నిరీక్షణ సమయం అలాగే పోయింది, ఎందుకంటే అది చెప్పేదంతా సర్వీస్ లెవెల్ ముందే చెబుతున్నది.

సర్వీస్ లెవెల్ అంటే నిర్ణీత సమయంలోపు ఎత్తిన ఫోన్ల శాతం. మా లక్ష్యం చాలా కాల్ సెంటర్లలో వాడుకలో ఉన్నదే: నూటికి ఎనభై ఫోన్లు ఇరవై సెకన్లలోపు ఎత్తాలి. పాత తెరమీద ఈ గడి దాదాపు ప్రతి వారం ఆకుపచ్చగా ఉండేది. అయినా సోమవారం ఉదయం ఫోన్ చేసినవారి ఫిర్యాదులు ఆగేవి కావు. లెక్కను విడదీస్తే కారణం బయటపడింది. ఒక వారం వచ్చిన 4,000 ఫోన్లలో 3,200 సకాలంలో ఎత్తాం. సరిగ్గా 80 శాతం. కానీ అందులో సోమవారం వచ్చినవి 1,200, సకాలంలో ఎత్తినవి 720 మాత్రమే, అంటే 60 శాతం. మిగతా నాలుగు రోజుల్లో 2,800 ఫోన్లకు 2,480 ఎత్తాం. అది 88 శాతం దాటింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా అవసరానికి మించి కూర్చున్న మనుషులు సోమవారపు లోటును కాగితం మీద పూడ్చారు గాని, సోమవారం ఫోన్ పట్టుకుని ఎదురుచూసినవారికి దానివల్ల ఒరిగినదేమీ లేదు. రోజువారీ శాతాలను కూడి అయిదుతో భాగించి ఉంటే ఇంకా తప్పు వచ్చేది: అదే వారం దాదాపు 83 శాతమని కనిపించేది. ఎప్పుడైనా ఫోన్ల సంఖ్యలనే కూడి, ఆ తరువాత శాతం తీయాలి.

అందుకే ఆ పాత తెరకు బదులుగా తయారుచేసిన ఒక్క పేజీ పై సగంలో వారపు మొత్తం లేదు. అడ్డంగా అయిదు రోజులు, నిలువుగా అరగంటలు ఉన్న ఒక పట్టిక ఉంది. లక్ష్యానికి బాగా తక్కువైన అరగంటలకు మాత్రమే రంగు ఉంటుంది, మిగతావన్నీ తెల్లగా ఉంటాయి. మొదటి వారమే సోమవారం తొమ్మిది గంటల గడి ముదురు రంగులో కనిపించింది. ఆ అరగంటలో సుమారు 100 ఫోన్లు వస్తాయి, ఒక్కొక్కటి సగటున మూడు నిమిషాలు తీసుకుంటుంది. అంటే 300 నిమిషాల పని 30 నిమిషాల్లో వచ్చి పడుతున్నది. తీరిక లేకుండా పదిమంది చేయాల్సినంత పని. అయితే ఫోన్లు వరుసలో నిలబడి రావు, గుంపులుగా వస్తాయి కనుక పదిమంది చాలరు. ఎందరు కావాలో లెక్కగట్టే సూత్రాన్ని కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1917లో ప్రచురించారు. నేటికీ చాలా కాల్ సెంటర్లలో షిఫ్టులు దాని ఆధారంగానే వేస్తారు. ఆ సూత్రం ప్రకారం పైన చెప్పిన అరగంటలో 14 మంది ఉంటే 89 శాతం ఫోన్లు ఇరవై సెకన్లలోపు ఎత్తగలరు. 13 మంది ఉంటే 80 శాతం, 12 మంది ఉంటే 64 శాతం, 11 మంది ఉంటే కేవలం 39 శాతం. పద్నాలుగో మనిషి లేకపోతే పోయేది తొమ్మిది పాయింట్లు. పన్నెండో మనిషి లేకపోతే పోయేది పాతిక. ఈ వరుసను ఆవిడకు చూపించేంత వరకూ, ఇద్దరు లేకపోతే ఏమవుతుందిలే అన్న ధోరణి ఆఫీసులో అందరికీ ఉండేది.

షిఫ్టు పట్టికలో సోమవారం తొమ్మిదికి 13 మంది ఉన్నారు. ఫోన్ల మీద మాత్రం 11 మందే ఉన్నారు. లాగిన్ వివరాలు తీస్తే ఆ ఇద్దరు ఎక్కడికి వెళుతున్నారో తెలిసింది: ఇద్దరు టీం లీడర్లు సోమవారం ఉదయమంతా తమ జట్టువారిని ఒక్కొక్కరిగా పిలిచి గత వారపు అంకెలు చూపిస్తున్నారు. ఎప్పుడు చూసినా ఇద్దరు ఏజెంట్లు ఆ గదుల్లోనే ఉంటున్నారు. నివేదికను వివరించటానికే మనుషులను తీసుకుపోయి, ఆ నివేదికలోని అంకెను పడగొడుతున్నామని తెలిసి ఆవిడ అప్పటికప్పుడే ఆ సమావేశాలను బుధవారం మధ్యాహ్నానికి మార్చారు. తరువాతి వారాల్లో ఆ గడి రంగు తేలికపడింది. ఇక్కడ ఒక పరిమితి చెప్పాలి. విసుగు చెంది మధ్యలో పెట్టేసేవారిని ఈ సూత్రం లెక్కలోకి తీసుకోదు. రద్దీ ఎక్కువైనప్పుడు కొందరు పెట్టేయటం వల్ల మిగిలినవారి నిరీక్షణ తగ్గుతుంది, కనుక అసలు అంకె సూత్రం చెప్పినంత ఘోరంగా ఉండదు. అందువల్ల పెట్టేసిన ఫోన్ల సంఖ్యను సర్వీస్ లెవెల్ పక్కనే ఉంచాం. రెండూ కలిపి చూడకపోతే, జనం విసిగి పోవటం కూడా మెరుగుదలలాగే కనిపిస్తుంది.

పేజీ రెండో సగంలో ఫోను సగటు నిడివి ఉంది. మాదాపూర్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన అంకె ఇదే. గత వారం కంటే ఏడు సెకన్లు పెరిగితే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. ఆ ఏడు సెకన్లు నిజంగా మార్పేనా అని ఎవరూ అడిగేవారు కాదు. దీనికి జవాబు చెప్పే పద్ధతి వాల్టర్ షూహార్ట్ 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో రూపొందించిన నియంత్రణ పటాల నుంచి వచ్చింది. ఎనిమిది వారాల నిడివి సెకన్లలో 182, 176, 185, 179, 188, 181, 175, 182 అనుకోండి. సగటు 181. ఒక వారానికీ మరుసటి వారానికీ ఉన్న తేడాల సగటు ఏడు సెకన్ల పైచిలుకు. దానిని ఈ పద్ధతిలో వాడే స్థిర సంఖ్య 2.66తో హెచ్చిస్తే 19 వస్తుంది. అంటే 162 నుంచి 200 దాకా ఏ అంకె వచ్చినా అది ఈ పని సహజంగా చూపే హెచ్చుతగ్గే. 188 వచ్చిన వారం ఎవరినీ ఏమీ అడగనవసరం లేదు. 204 వస్తే తప్పక అడగాలి. ఎనిమిది వారాలు తక్కువే గనుక వారాలు గడిచేకొద్దీ హద్దులను మళ్లీ లెక్కిస్తాం. ఇప్పుడు పేజీలో ఒక గీత, దానికి పైనా కిందా రెండు హద్దులు మాత్రమే ఉన్నాయి. ఏజెంట్ల పేర్లు అందులో లేవు, ఎందుకంటే పేరు పక్కన నిడివి కనిపించిన చోట మనుషులు సమస్య తీర్చకుండానే ఫోన్ ముగించటం మొదలుపెడతారు. నా పక్క సీట్లలో అది కళ్లారా చూశాను.

అలా ముగించిన ఫోన్లు మళ్లీ వస్తాయి. కాబట్టి మూడో అంకె, ఏడు రోజుల్లో అదే నంబరు నుంచి అదే కారణంతో తిరిగి వచ్చిన ఫోన్ల శాతం. దీనిలో పైకి కనిపించని చిక్కు ఒకటి ఉంది. శుక్రవారం మాట్లాడిన మనిషికి తిరిగి ఫోన్ చేయటానికి మరుసటి శుక్రవారం దాకా గడువు ఉంది. గత వారపు అంకెను సోమవారమే తీస్తే అది ఎప్పుడూ తక్కువగానే వస్తుంది, ప్రతి వారం ఏదో మెరుగుపడినట్లు అనిపిస్తుంది. అందుకని ఈ ఒక్క అంకె అంతకు ముందటి వారానిది ఇస్తాం, ఆ సంగతి గడి మీదే రాస్తాం. ఇంకొక జాగ్రత్త, ఏజెంట్లు నమోదు చేసే కారణాలను గుడ్డిగా నమ్మకపోవటం. తొందరలో జాబితాలో మొదట ఉన్నదాన్ని నొక్కేస్తారు కనుక, శాతం పెరిగిన వారం కొన్ని రికార్డింగులు స్వయంగా వింటాం. అలా విన్నప్పుడే, తిరిగి వచ్చిన ఫోన్లలో చాలా వరకు ఇంజనీరు ఏ పూట వస్తాడో తెలియక చేసినవని తేలింది. అది మా ఏజెంట్లకు శిక్షణ ఇచ్చి తీర్చే సమస్య కాదు. ముందు రోజు సాయంత్రం సమయం తెలియజేస్తూ మెసేజ్ పంపమని అపాయింట్‌మెంట్ల విభాగానికి మేనేజరు రాశారు.

పేజీ అడుగున గత వారం తీసుకున్న నిర్ణయం, దాని బాధ్యత ఎవరిది, ఏ అంకె కదలాలి అన్నవి రాసి ఉంటాయి. సోమవారం సమావేశం ఇప్పుడు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంకా చక్కబడనిది సెలవుల విషయం. సోమవారం బ్యాంక్ హాలిడే అయితే మంగళవారం సోమవారంలా మారిపోతుంది, దానిని మామూలు మంగళవారాలతో పోల్చకూడదు. పైగా స్కాట్లండ్‌లో ఆగస్టు సెలవు మొదటి సోమవారం, ఇంగ్లండ్‌లో చివరి సోమవారం. మాకు ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది ఇంగ్లండ్ వారు గనుక, మా ఆఫీసు గోడ మీది క్యాలెండరు కాకుండా వారి క్యాలెండరే పట్టికకు ఆధారం కావాలని మేనేజరుకు చెప్పాను. ఈ ఆగస్టు చివరి సోమవారం మరునాటి ఉదయానికి ఓవర్‌టైం ఎంత అవసరమో ఇప్పుడు ఆ లెక్క ప్రకారమే వేస్తున్నాం.