క్విజ్ ఆడుతూ పాలిటీ రివిజన్ చేసిన మా అమలాపురం బ్యాచ్

గ్రూప్-2 ఫలితాలొచ్చాయి, లిస్టులో నా నంబరుంది. అమలాపురంలో మా బ్యాచ్ ఎలా చదివిందని చాలామంది అడుగుతున్నారు. సిలబస్, పుస్తకాల సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్విజ్ గురించే చెబుతాను.

మొదట్లో ఒప్పుకు పది పాయింట్లు, తప్పుకు సున్నా. సాయంత్రం రామాలయం అరుగు మీద ఒకటే గోల, ముందు అరిచినవాడిదే పాయింటు. పరీక్షలో మూడో వంతు నెగెటివ్ ఉంటే ఆటలో దాని ఊసే లేదు. అందుకే ఒప్పుకు 3, తప్పుకు మైనస్ 1, వదిలేస్తే 0 అని మార్చాం. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే చివరికి మిగిలేది సున్నాయే. ఒక్క ఆప్షన్‌నైనా కచ్చితంగా కొట్టేయగలిగితే రిస్క్ తీసుకోవచ్చు. జవాబు కాగితం మీద రాసి అందరూ ఒకేసారి ఎత్తాలి. దాంతో అరుపులు ఆగిపోయాయి.

ఇక రౌండ్లు. క్లాసు నోట్స్‌లో ద్రవ్య బిల్లు గురించి ఇలా ఉంది: "ఆర్టికల్ 110, లోక్‌సభలోనే ప్రవేశం, రాజ్యసభకు 14 రోజులు, స్పీకర్ నిర్ణయమే అంతిమం." మొదటి రౌండ్‌లో ఇవే నేరుగా అడుగుతాం. రెండో రౌండ్‌లో స్టేట్‌మెంట్లు: "1. రాజ్యసభ ద్రవ్య బిల్లును తిరస్కరించవచ్చు. 2. సభల మధ్య తేడా వస్తే ఉమ్మడి సమావేశం పెడతారు." రెండూ తప్పే, కానీ మాలో సగం మంది రెండోది ఒప్పనుకున్నారు.

మూడో రౌండ్‌లో ఆ తప్పు ఎందుకు తప్పో చెప్పాలి, చెబితే ఇంకో 2. రాజ్యసభ సిఫారసులతో తిప్పి పంపగలదు, అంతే. వాటిని ఒప్పుకోవడం, మానడం లోక్‌సభ ఇష్టం. 14 రోజుల్లో పంపకపోతే బిల్లు ఆమోదం పొందినట్టే లెక్క. ఇక ప్రతిష్టంభనకు చోటెక్కడిది? ఉమ్మడి సమావేశం చెప్పే ఆర్టికల్ 108 కూడా ద్రవ్య బిల్లును మినహాయించే రాసింది. ఇది అర్థమయ్యాక శాసన మండలికీ అదే 14 రోజులన్నది వేరే బట్టీ పట్టక్కర్లేకపోయింది.

ప్రశ్న తెచ్చినవాడు ఆ ప్రశ్నకు ఆడకూడదు. కాగితం వెనక వివరణ, నోట్స్ పేజీ నంబరు రాసుకురావాలి. తప్పు ఆప్షన్ ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో రాయలేకపోతే ప్రశ్న చెల్లదు. "ఇదేం చదువండీ, పేకాటలా!" అని మా పెదనాన్నగారు రోజూ దెప్పేవారు. ఒంటరిగా నాలుగుసార్లు తిరగేసినా పట్టుబడని తప్పు పక్కవాడి ప్రశ్నకు దొరికిపోతుంది, అది ఆయనకెలా చెప్పను? క్రమశిక్షణంటే తలుపేసుకుని కూర్చోవడమేనా?

మెంటల్ ఎబిలిటీకి మాత్రం ఈ పద్ధతి పనికిరాలేదు. అక్కడ వివరణ కంటే చేతి వేగం ముఖ్యం, అది ఎవరికి వారు గడియారం పెట్టుకుని చేసుకున్నాం.