మటన్ కూర కేలరీలు: స్టీలు గ్లాసులో తేలిన లెక్క

బరువు తగ్గాలని తిన్నదంతా యాప్‌లో రాసుకోవడం మొదలుపెట్టాక ఇడ్లీ, చపాతీ, పప్పు అన్నీ బాగానే కుదిరాయి కానీ ఆదివారం మటన్ కూర దగ్గర ఆగిపోయా. కప్పుకి ఒకచోట 180 అని ఉంది, ఇంకోచోట 400 అని. ఇంట్లో తూకం ఉంది కదా, మనమే లెక్క తేలుద్దాం అనుకున్నా.

మొదటి ఆదివారం షాపులో భాయ్ "సీనా ఇవ్వనా, తొడ ఇవ్వనా?" అంటే అమ్మకి సీనా అంటేనే ఇష్టం కాబట్టి ఎముకతో కిలో సీనా కొట్టించా. పక్కటెముకల దగ్గర మాంసానికీ ఎముకకీ మధ్య కొవ్వు పొరలు పొరలుగా ఉంటుంది. కంటికి కనిపించిన తెల్ల కొవ్వంతా కత్తితో ఒలిచి తూచితే 110 గ్రాములు వచ్చింది, తూచి మళ్లీ గిన్నెలోనే వేసేశా (అమ్మ పక్కనే నిలబడి చూస్తోంది). పచ్చి కొవ్వులో నీళ్లూ పొరలూ పోను సుమారు 70 శాతం అసలు కొవ్వు ఉంటుంది, గ్రాముకి 9 కేలరీలు వేసుకుంటే అదొక్కటే 690 దాకా. నూనె నాలుగు పెద్ద స్పూన్లు, ఒక్కోటి 120 చొప్పున 480. తిన్నాక ఎముకలు కడిగి తూచితే 240 గ్రాములు పోయాయి, మిగిలిన 650 గ్రాముల మాంసానికి వందకి 120 చొప్పున 780 వేశా. ఉల్లిపాయలు, టమాటా, ఎండుకొబ్బరి కలిపి 330. మొత్తం 2,280, ఐదుగురికి పంచితే తలా 460కి కాస్త తక్కువ.

ఇక పైన తేలిన నూనె. కుక్కర్ మూత తీయగానే ఎర్రగా పొరలా తేలుతోంది. వేడి మీదే గరిటెతో జాగ్రత్తగా తీసి స్టీలు గ్లాసులో పోసి తూచితే 140 గ్రాములు! 140ని తొమ్మిదితో గుణిస్తే 1,260 కేలరీలు, సగం కూర తేలికైపోయిందని సంబరపడిపోయా. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అనుమానం వచ్చింది. వేసిన నూనె, కనిపించిన కొవ్వు మొత్తం కలిపితేనే 130 గ్రాములు కదా, 140 ఎలా వచ్చింది?

గ్లాసు రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టా. పొద్దున చూస్తే పైన నారింజ రంగు బిళ్లలా గడ్డకట్టి ఉంది, కింద అంతా చిక్కటి పులుసే. బిళ్ల మెత్తగానే ఉంది, ఎందుకంటే మేక కొవ్వు చల్లబడితే మైనంలా గట్టిపడుతుంది కానీ సన్‌ఫ్లవర్ నూనె గడ్డకట్టదు, రెండూ కలిసిపోయాయి. బిళ్లని స్పూన్‌తో లేపి, అడుగున అంటిన పులుసు తుడిచి తూచితే 58 గ్రాములు. అంటే తీసేసింది 520 కేలరీలు, తలా నూరు పైచిలుకు తగ్గి 352 దగ్గర ఆగింది. తక్కువేం కాదు, కానీ వేడి మీద నేను వేసుకున్న లెక్కలో సగం కూడా లేదు. వేడి మీద తీసినదాన్ని తూచి నమ్మొద్దు, అందులో పులుసు ఎంతో తెలీదు.

మరి మిగతా డెబ్బై గ్రాములు ఎటు పోయాయంటే, కొంత ముక్కల్లోనే ఉండిపోయింది, కొంత కొబ్బరి ముద్ద పట్టి ఉంచుకుంది. కొబ్బరో గసగసాలో నూరి పోసిన చిక్కటి గ్రేవీ నూనెని అంత తేలిగ్గా వదలదు. పైన ఏమీ తేలలేదంటే కూరలో నూనె లేదని కాదు.

రెండో ఆదివారం తొడ కొట్టించా. కనిపించిన కొవ్వు 30 గ్రాములే, అది ఒలిచి పారేశా. నూనె రెండు స్పూన్లే, మిగతా మసాలా మామూలే. ఎముక తక్కువ కాబట్టి మాంసం 770 గ్రాములు తేలింది, అయినా మొత్తం 1,490, అంటే తలా 300. ఫ్రిజ్‌లో పెడితే పైన బిళ్ల కాదు, పలచటి పొర, 14 గ్రాములు. తీసేస్తే తగ్గింది తలా పాతికే. ఆ పాతిక కోసం ఎర్ర రంగూ మసాలా ఘాటూ వదులుకోవడం అనవసరం, కారం రంగంతా నూనెలోనే దిగుతుంది కదా. తొడ అయితే తీయను, సీనా అయితే తప్పకుండా తీస్తా.

అమ్మ మాత్రం "పైన నూనె తేలకపోతే అది మటన్ కూరేంట్రా, చప్పిడి పులుసు" అని ఒకటే సణుగుడు. నేను తీసిన సీనా బిళ్ల ఫ్రిజ్‌లోనే ఉంచా, ఫొటో తీద్దామని. మంగళవారం చూస్తే గ్లాసు ఖాళీ. ఆ రోజు మధ్యాహ్నం బంగాళాదుంప వేపుడు అంత రుచిగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది, రెండుసార్లు పెట్టించుకున్నా కూడా. యాప్ తెరిచి ఆ వేపుడు కింద 250 కలిపి రాసుకున్నా.