మూడు కంపెనీలు, ఒకే పట్టిక

ఒకే రకం వ్యాపారం చేసే మూడు రిటైల్ కంపెనీలలో ఏది ఆర్థికంగా గట్టిగా ఉందో వార్షిక నివేదికలు చదివి చెప్పే పని నాకు అప్పగించారు. రంగు బొమ్మల పేజీలు, ఛైర్మన్ సందేశం దాటేసి నేరుగా బ్యాలన్స్ షీట్లకు వెళ్లాను. మూడింటికీ అనుబంధ సంస్థలను కలిపిన లెక్కలే తీసుకున్నాను. ఒకదానికి విడి లెక్కలు, మరొకదానికి కలిపిన లెక్కలు వాడితే పోలికకు అర్థం ఉండదు. కంపెనీల పరిమాణాలు వేరు కాబట్టి ఒక్కోదాని మొత్తం ఆస్తులను 100 అనుకుని మిగతా అంకెలను ఆ ప్రకారం కుదించాను. తర్వాత ద్రవ్యత, అప్పు, లాభదాయకత అనే మూడు గుంపులుగా నిష్పత్తులు వేశాను.

| | మొదటిది | రెండోది | మూడోది |
|---|---|---|---|
| కరెంట్ రేషియో | 2.0 | 1.5 | 0.75 |
| క్విక్ రేషియో | 0.67 | 1.1 | 0.2 |
| అప్పు–ఈక్విటీ | 1.33 | 0.17 | 0.2 |
| వడ్డీ కవరేజీ (రెట్లు) | 3 | 13 | 3.3 |
| ఆస్తులపై నిర్వహణ లాభం (%) | 12 | 13 | 10 |
| ఈక్విటీపై రాబడి (%) | 20 | 15 | 21 |

పై వరుస ఒక్కటే చూస్తే మొదటి కంపెనీకి తిరుగులేదు. స్వల్పకాలిక బాధ్యతలు 30 ఉంటే, వాటికి ఎదురుగా స్వల్పకాలిక ఆస్తులు 60 ఉన్నాయి. అయితే ఆ 60లో 40 గోదాముల్లోని సరుకే. ఏడాదికి అమ్మిన సరుకు ఖరీదు 80 కాబట్టి, ఆ నిల్వ ఖాళీ కావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. రెండో కంపెనీలో అదే లెక్క 49 రోజులకు తేలింది. కరెంట్ రేషియో బాగుండటానికి కారణం చేతిలోని డబ్బా, కదలని సరుకా అన్నది, సరుకును తీసేసి లెక్కించే క్విక్ రేషియో పక్కన ఉంటే తప్ప తెలియదు. మూడో కంపెనీ 0.75 చూసి కంగారు పడక్కర్లేదు. అది అమ్మేది దాదాపు అంతా నగదుకే; సరుకు 40 రోజుల్లో అమ్ముడవుతుంది; సరఫరాదారులకు డబ్బు కట్టేది ఆ తర్వాతే.

నాకు ఎక్కువ సమయం పట్టింది రెండో గుంపు దగ్గర. వాటాదారుల సొమ్ము అయిన ఈక్విటీతో పోలిస్తే మూడో కంపెనీ అప్పు 0.2 మాత్రమే; నిర్వహణ లాభం వడ్డీకి ఎన్ని రెట్లో చెప్పే వడ్డీ కవరేజీ చూస్తే 3.3. అప్పు అంత తక్కువైతే వడ్డీ లాభాన్ని ఇంతగా ఎందుకు తినాలి? అప్పు 5, వడ్డీ ఖర్చు 3. అంటే 60 శాతం వడ్డీ! అంత వడ్డీకి ఎవరూ అప్పు చేయరు కాబట్టి, వడ్డీ వసూలు చేస్తున్న బాధ్యత మరెక్కడో ఉండాలి. నోట్స్‌లో వెతికితే దొరికింది: దుకాణాల లీజు బాధ్యతలు 30. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 16 ప్రకారం 2019 నుంచి చాలా లీజులు బ్యాలన్స్ షీట్‌లోకి వచ్చాయి. వాటి మీది వడ్డీ ఆర్థిక ఖర్చుల్లో కలుస్తుంది. కానీ బాధ్యతను మాత్రం రుణాలతో కలపకుండా వేరే వరుసలో చూపడం మామూలే. ఆ 30 కలిపితే 25 ఈక్విటీకి అప్పు 35, అంటే నిష్పత్తి 1.4. మిగతా రెండింటి దుకాణాలు దాదాపు సొంతవే కావడంతో వాటి అంకెలు పెద్దగా మారలేదు. అప్పటి నుంచి వడ్డీని అప్పుతో భాగించి చూడటం నాకు అలవాటైంది. వచ్చిన శాతం నమ్మశక్యంగా లేకపోతే ఏదో ఒక బాధ్యత లెక్కలోకి రానట్టే.

ఇక లాభదాయకత. వ్యాపారం మీద ఎక్కువ సంపాదిస్తున్నది రెండో కంపెనీ, 100 ఆస్తులకు 13. మొదటిది 12 మాత్రమే. అయినా ఈక్విటీపై రాబడి చూస్తే ఈ రెండింటిలో మొదటిదే ముందుంది. ఎందుకంటే దాని 100 ఆస్తుల వెనుక ఈక్విటీ 30, రెండోదాని వెనుక 60. మొదటిది 12లో వడ్డీ 4, పన్ను 2 పోగా మిగిలిన 6ను 30 మీద లెక్కిస్తే 20 శాతం. రెండోది 13లో వడ్డీ 1, పన్ను 3 పోగా మిగిలిన 9ని 60 మీద లెక్కిస్తే 15 శాతం. ఆ అయిదు శాతం తేడా అప్పు పుణ్యమే.

నిర్వహణ లాభం సగానికి పడితే ఏమవుతుందో కూడా వేసి చూశాను. వడ్డీ మాత్రం తగ్గదు కదా. మొదటి కంపెనీ రాబడి 20 నుంచి 5 శాతానికి జారింది. రెండోది 15 నుంచి సుమారు 7 దగ్గర నిలిచింది.

నేను ఇచ్చిన నోట్‌లో రెండో కంపెనీని ముందు పెట్టాను. మూడోదాని పేరు పక్కన మాత్రం ర్యాంకు వేయలేదు. ఏడాది చివరి రోజు నాటి నిల్వలతో వేసిన నిష్పత్తులివి; పండుగ అమ్మకాలు ముగిసిన వెంటనే దాని ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది, మిగతా రెండింటివి ఆ సమయానికి ముగియవు. దాని త్రైమాసిక లెక్కలు కూడా తెప్పించమని అడిగాను.