నిన్న ఏం చేశానంటే, జర్మన్‌లో

స్టుట్‌గార్ట్‌లో మూడో తరగతి చదువుతున్న మా పాపకి జర్మన్ ఇంకా కొత్తే. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారో డైరీలా, పర్ఫెక్ట్ అనే భూతకాలంలో రాసుకుని రమ్మన్నారు టీచర్. పాప రాసింది ఇది: "ఇష్ బిన్ ఔఫ్‌గెష్టాండెన్, ఇడ్లీ గెగెసెన్, ఇన్ డీ షూలె గెగాంగెన్."

చదవగానే నవ్వొచ్చింది. అచ్చం మన మాటే! "లేచి, ఇడ్లీ తిని, బడికి వెళ్లాను" అన్నట్టే ఉంది. మనకి చివర ఒక్క క్రియ నిలబడితే చాలు, ముందున్న లేచి, తినీ దాని మీద ఆనుకుంటాయి. ఈ వాక్యంలోనూ "బిన్" అనే ఒక్క సహాయక క్రియ మూడు పనులనీ మోస్తోంది. లేవడానికీ వెళ్లడానికీ అది సరిపోతుంది, ఎందుకంటే చోటు మారినా స్థితి మారినా జర్మన్‌లో ఎక్కువగా "బిన్" వస్తుంది. తినడానికి మాత్రం "హాబె" కావాలి.

"అమ్మా, మరి ఇవన్నీ ఎలా కలపాలి?" అంది. కలపొద్దు, విడగొట్టమన్నాను. మన "లేచి"లోని చివరి "ఇ" చేసే పనిని అక్కడ త్సుఎర్స్ట్ (ముందుగా), డాన్ (అప్పుడు), డానాఖ్ (ఆ తర్వాత), త్సుమ్ ష్లుస్ (చివరికి) చేస్తాయి. అయితే వాటిలో ఏది వాక్యం మొదట్లో కూర్చున్నా, దాని వెంటనే సహాయక క్రియే రావాలి. "నేను" ఆ తర్వాతే. పాప "డాన్ ఇష్ హాబె" అని రాస్తే "డాన్ హాబె ఇష్" అని తిప్పించాను. అసలు పని చెప్పే మాట వాక్యం చివరికి వెళ్లడం మాత్రం దానికి ఒక్కసారి చెబితే సరిపోయింది. తెలుగు పిల్లలకి అది అలవాటైన చోటే కదా.

మళ్లీ రాసింది: "త్సుఎర్స్ట్ బిన్ ఇష్ ఔఫ్‌గెష్టాండెన్. డాన్ హాబె ఇష్ ఇడ్లీ గెగెసెన్. డానాఖ్ బిన్ ఇష్ ఇన్ డీ షూలె గెగాంగెన్." సాయంత్రం అమ్మమ్మతో ఫోన్ మాట్లాడిన చోట "గెటెలిఫోనీర్ట్" అంది. "ఈరెన్"తో ముగిసే క్రియలకి ముందు "గె" రాదు, ఉత్త "టెలిఫోనీర్ట్" చాలు.

నిద్ర దగ్గర పేచీ వచ్చింది. "ఐన్‌గెష్లాఫెన్" అంటే నిద్రలోకి జారుకోవడం, స్థితి మారింది కాబట్టి "బిన్". రాత్రంతా పడుకుంటే ఏమీ మారలేదు కాబట్టి "హాబె గెష్లాఫెన్". అది బాగానే ఒప్పుకుంది. "మరి ఇంట్లోనే ఉండిపోతే ఏం మారిందని బిన్ గెబ్లీబెన్ అంటారు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు, బట్టీ పట్టమన్నాను.

చివర్లో అలసిపోయానని రాయాలంది. పర్ఫెక్ట్ డైరీ అయినా ఇలాంటి చోట మామూలుగా సాదా భూతకాలం "వార్" అనే అంటారు. "ఇష్ వార్ మ్యూడె" అని రాసి, పుస్తకం మూసి, సంచిలో పెట్టేసింది.