ఆర్డర్ పెట్టని పార్సిల్‌కు 699 రూపాయలు

నేనుండేది హైదరాబాద్‌లో, అమ్మ ఉండేది గుంటూరులో. అమ్మకు కావలసినవి నేనే ఇక్కడి నుంచి ఆర్డర్ పెట్టి అక్కడికి పంపిస్తుంటాను. మాకు జరిగినదానికి మూలం ఈ అలవాటే. నా పేరుతో పార్సిల్ వస్తే అమ్మకు అనుమానం రాదు. ఏదో పంపి చెప్పడం మర్చిపోయానని అనుకుంటుంది.

ఓ మంగళవారం మధ్యాహ్నం డెలివరీ అబ్బాయి వచ్చి నా పేరు చెప్పి 699 అడిగాడట. అమ్మ బీరువాలోంచి తీసి ఇచ్చేసింది. సాయంత్రం ఫోన్ చేసి "ఏంటే, ఈ డబ్బా ఎందుకు పంపావు, మనింట్లో కత్తిపీట లేదా?" అంది. వీడియో కాల్‌లో చూపించింది. కూరగాయలు తరిగే ప్లాస్టిక్ డబ్బా, బస్టాండ్ దగ్గర బండి మీద అమ్మేలాంటిది, ఒక మూల పగిలి ఉంది. నేను పంపలేదు. అయినా కంగారుపడకుండా ముందు నా యాప్‌లన్నిటిలో ఆర్డర్లు చూసుకున్నాను. తమ్ముణ్ణీ మా ఆయన్నీ కూడా అడిగాను. ఫోన్‌లో ఏదో ప్రకటన నొక్కి, పేరూ అడ్రసూ నింపి మర్చిపోయేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో అది తమ్ముడు. ఈసారి వాడు కూడా కాదు.

"కవర్ ఎక్కడమ్మా?" అంటే చెత్తబుట్టలో వేశానంది. తీయమన్నాను. కాఫీ పిప్పి దులిపి, దాని మీది లేబుల్ ఫొటో పంపింది. ఈ కవర్ లేకపోతే తర్వాత ఏ పనీ జరిగేది కాదు. బార్‌కోడ్ కింద ఉండే పొడుగాటి నంబర్ ట్రాకింగ్ నంబర్, దాన్ని కొరియర్ వాళ్లు ఏడబ్ల్యూబీ అంటారు. లేబుల్ మీద పంపినవాళ్ల పేరు, రిటర్న్ అడ్రసు, వసూలు చేయాల్సిన మొత్తం కూడా ఉంటాయి.

నన్ను ఆపేసింది మాత్రం మా అడ్రసే. ఇంటిపేరు పెళ్లికి ముందుది. ఆనవాలు దగ్గర "నీళ్ల టాంకు ఎదురుగ" అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది, అందులో ఒక అక్షరం తప్పు. ఆ తప్పు నాదే. రెండేళ్ల క్రితం ఒక చిన్న బట్టల సైట్‌లో హడావుడిగా కొట్టిన అడ్రసు అది, మరెక్కడా అలా రాయలేదు. అక్కడి నుంచే బయటికి పోయి ఉంటుందని నా అంచనా. ఆ సైట్‌లో ఖాతా తీసేశాను గానీ, బయటికి పోయిన అడ్రసు వెనక్కి రాదు కదా.

అదే రాత్రి కొరియర్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. నంబర్ వాళ్ల సొంత సైట్ నుంచే తీసుకున్నాను, గూగుల్‌లో వెతికితే నకిలీ నంబర్లు కూడా తగులుతాయి. "మేం మోసుకొచ్చేవాళ్లమే మేడమ్, సెల్లర్‌ను అడగండి" అన్నారు. అయితే ఒక పనికొచ్చే మాట కూడా చెప్పారు. ఇంటి దగ్గర వసూలైన డబ్బు వెంటనే సెల్లర్‌కు పోదట. కొన్ని రోజులు కొరియర్ దగ్గరే ఉండి తర్వాత జమ అవుతుందట. అందుకే ఎంత త్వరగా చెబితే అంత మంచిది. పడుకునే ముందే మెయిల్ పెట్టాను: ట్రాకింగ్ నంబర్, తేదీ, మొత్తం, లేబుల్ ఫొటో, పగిలిన డబ్బా ఫొటో. "ఈ ఆర్డర్ మేము పెట్టలేదు. ఆర్డర్ పెట్టినట్టు రుజువు చూపమని సెల్లర్‌ను అడగండి, అది తేలేదాకా డబ్బు ఆపండి" అని రాశాను. మర్నాడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, సెల్లర్ పేరు, అడ్రసు చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను.

మూడో రోజు అమ్మకు ఒక ఫోన్ వచ్చింది. "రీఫండ్ వచ్చిందమ్మా, వాట్సాప్‌లో పంపిన క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాడట. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, తీసుకోవడానికి కాదని అమ్మకు ఎప్పుడో చెప్పి ఉన్నాను, బతికిపోయాం. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది, పట్టుకోవడం కష్టం.

కొరియర్ వాళ్లకు మరో రెండు మెయిళ్లు పెట్టాక సెల్లర్ తరఫున ఎవరో మాట్లాడారు. పొరపాటున వచ్చిందట, కొరియర్ ఖర్చు మేమే పెట్టుకుని వెనక్కి పంపితే డబ్బిస్తారట. కుదరదన్నాను. చివరికి వాళ్లే మనిషిని పంపి డబ్బా తీసుకెళ్లారు, పదహారో రోజున 699 అమ్మ ఖాతాలో పడింది. అందరికీ ఇలా వస్తుందని అనుకోను. మా లేబుల్ మీద నిజమైన అడ్రసు ఉంది, మేము మొదటి రోజే అడిగాం.

ఇక అయిపోయిందనుకుంటే, మూడు వారాలకు మళ్లీ పార్సిల్. ఈసారి 849. ఒకసారి డబ్బిచ్చిన ఇల్లు అని రాసి పెట్టుకున్నారేమో! అమ్మ పార్సిల్ చేతిలోకి తీసుకోలేదు. గడప దగ్గరే నిలబడి నాకు ఫోన్ కలిపి, లేబుల్ చదివి వినిపించింది. మాది కాదన్నాను. "రిజెక్ట్ అయితే ఈ ట్రిప్పుకు నాకేమీ రాదు ఆంటీ" అన్నాడట ఆ అబ్బాయి. పాపం, అతని తప్పేముంది, ఎండలో తిరుగుతున్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది గానీ డబ్బు ఇవ్వలేదు. ఆర్డర్ ఇవ్వని వస్తువుకు డబ్బు కట్టాల్సిన పని మనకు లేదు.

సాయంత్రం ట్రాకింగ్ చూస్తే "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఉంది. అలా వేస్తే మర్నాడు మళ్లీ తెస్తారు. తెచ్చారు కూడా. ఈసారి అమ్మ "తీసుకోనన్నానని రాయి బాబూ, ఇంట్లో లేనని కాదు" అని గట్టిగా చెప్పింది. అప్పుడతను ఓటీపీ అడిగాడు. అమ్మ భయపడి నాకు చేసింది. కొన్ని కొరియర్లు తిరస్కరించినట్టు నిర్ధారించుకోవడానికి నిజంగానే ఓటీపీ పంపుతాయి, కాబట్టి చూడాల్సింది మెసేజ్‌నే. మొత్తం చదివించాను. కొరియర్ పేరు, లేబుల్ మీదున్న ట్రాకింగ్ నంబర్, పార్సిల్ వద్దన్నట్టు నిర్ధారణ కోసమన్న మాట, మూడూ ఉన్నాయి. సరే చెప్పమన్నాను. అందులో బ్యాంకు పేరో, యూపీఐ మాటో, "డెలివరీ అందింది" అన్న మాటో ఉంటే చెప్పనిచ్చేదాన్ని కాదు. *401* అంటూ ఏదో నంబర్ డయల్ చేయమన్నా అంతే, మన కాల్స్ వేరేవాళ్లకు మళ్లించే కోడ్ అది.

ఇప్పుడు మా ఫ్యామిలీ గ్రూపులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. గుంటూరుకు ఎవరు ఏం పంపినా డబ్బు ముందే కట్టేస్తాం. కాబట్టి ఇంటి దగ్గర ఎవరు డబ్బడిగినా అది మాది కాదు, అమ్మకు నన్ను అడగాల్సిన అవసరం కూడా లేదు.

తొమ్మిది రోజులకు ఆ రెండో పార్సిల్ ట్రాకింగ్‌లో "RTO Delivered" అని కనిపించింది. అంటే పంపినవాడి దగ్గరికే తిరిగి చేరింది. అమ్మకు చెబితే, "ఆ డబ్బా మూల కూడా పగిలే ఉంటుందా?" అని అడిగింది.